ఆగిన నెలసరి వెనుక థైరాయిడ్, ప్రొలాక్టిన్

నెలసరి తప్పుతున్నా, పెళ్లయి ఏడాది దాటినా గర్భం నిలవకపోయినా మన ఇళ్లలో అందరి అనుమానం ముందుగా గర్భసంచి మీదికి, ఆ తర్వాత అండాశయాల మీదికి పోతుంది. స్కానింగ్ తీయిస్తారు. అండాశయాల అంచున చిన్న చిన్న నీటి బుడగలు కనిపిస్తే పీసీఓడీ అని పేరు పెట్టేస్తారు. ఆ పేరుతోనే ఏళ్లు గడిచిపోతాయి. కానీ అండాశయం తనంతట తాను నెలనెలా అండాన్ని విడుదల చేయదు. దానికి సంకేతం మెదడు అడుగుభాగం నుంచి అందాలి. ఆ సంకేతాన్ని ఆపేసే కారణాల్లో స్కానింగ్‌కు చిక్కనివి, చాలామంది వెతకనివి రెండున్నాయి. ఒకటి థైరాయిడ్ గ్రంథి గాడి తప్పడం. రెండోది రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరగడం.

రెండూ మామూలు రక్తపరీక్షతో బయటపడేవే. రెండింటికీ చాలావరకు మాత్రలతోనే చికిత్స ఉంది. వైద్య గ్రంథాలు వీటిని వేర్వేరు అధ్యాయాల్లో చెబుతాయి గానీ, రోగి ఒంట్లో ఇవి తరచూ కలిసే ఉంటాయి. థైరాయిడ్ బాగా మందగిస్తే ప్రొలాక్టిన్ కూడా పెరుగుతుంది. ఈ సంబంధాన్ని పట్టించుకోకపోతే ప్రొలాక్టిన్ అంకెను తగ్గించే మందు నెలల తరబడి మింగిస్తూ, ఆ అంకెను పెంచుతున్న జబ్బును వదిలేసే ప్రమాదం ఉంది. అందుకే ఈ వ్యాసం ఆ సంబంధం మీదే ఎక్కువసేపు నిలుస్తుంది.

ప్రొలాక్టిన్ పని, దాని పగ్గం

మెదడు అడుగున ఉండే హైపోథలామస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను ధారగా కాక విడతలు విడతలుగా వస్తుంది. నెలసరి చక్రం తొలి సగంలో ఇంచుమించు గంట, గంటన్నరకు ఒక విడత చొప్పున విడుదలవుతుంది. ఈ లయ సరిగా ఉంటేనే దాని కింద శనగగింజంత ఉండే పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లను తగిన మోతాదులో వదులుతుంది. వాటి బలంతో అండాశయంలో ఒక అండం పెరిగి, నెల మధ్యలో బయటికి వస్తుంది. ఆ అండం ఫలదీకరణ చెందకపోతే రెండు వారాలకు నెలసరి వస్తుంది. కాబట్టి నెలసరి క్రమంగా రావడమంటే మెదడు నుంచి గర్భసంచి దాకా అన్ని మెట్లూ పనిచేస్తున్నాయని అర్థం.

అదే పీయూష గ్రంథిలో ప్రొలాక్టిన్‌ను తయారుచేసే కణాలు కూడా ఉన్నాయి. బాలింతకు పాలు పడేలా చేసే హార్మోను ఇదే. బిడ్డ పాలు తాగినప్పుడల్లా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. పెరిగిన ప్రొలాక్టిన్ హైపోథలామస్‌లోని కిస్‌పెప్టిన్ కణాలను అణచివేస్తుంది. జీఎన్‌ఆర్‌హెచ్‌ను లయలో ఉంచేవి ఈ కణాలే. లయ చెదిరితే ఎల్‌హెచ్ విడతలు పలచబడతాయి, అండం విడుదల కాదు, నెలసరి ఆగుతుంది. పాలిచ్చే తల్లికి కొన్ని నెలలు ముట్టు రాకపోవడం ఇలాగే జరుగుతుంది. అది ప్రకృతి చేసిన ఏర్పాటు. గర్భమూ, పాలిచ్చే బిడ్డా లేని స్త్రీలో ప్రొలాక్టిన్ పెరిగినా శరీరం అదే ఏర్పాటును అమలుచేస్తుంది. పెరుగుదల స్వల్పంగా ఉంటే నెలసరి వస్తూనే ఉండవచ్చు గానీ, చక్రం రెండో సగం కుదించుకుపోతుంది, అండం విడుదల అప్పుడప్పుడూ తప్పుతుంది. ఇంకా పెరిగితే 40, 50, 60 రోజులకొకసారి వస్తుంది. బాగా పెరిగితే పూర్తిగా నిలిచిపోతుంది. ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల యోని పొడిబారుతుంది. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే ఎముకలు పలచబడతాయి.

పీయూష గ్రంథిలోని మిగతా హార్మోన్లకు పైనుంచి 'విడుదల చెయ్యి' అనే ఆజ్ఞ అందాలి. ప్రొలాక్టిన్ సంగతి అందుకు భిన్నం. దాన్ని తయారుచేసే కణాలు వదిలేస్తే తమంతట తామే స్రవిస్తూ పోతాయి. హైపోథలామస్ నుంచి సన్నని రక్తనాళాల గుండా దిగివచ్చే డోపమైన్ వాటిని ఎప్పటికప్పుడు అణచి ఉంచుతుంది. అంటే డోపమైన్ రాక తగ్గినా, దాని పనికి ఏ మందైనా అడ్డుపడినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ఆ హార్మోనును కణితే తయారుచేస్తూ ఉండనక్కర్లేదు. పీయూష గ్రంథి కాడను ఏ ఇతర గడ్డ నొక్కినా డోపమైన్ దారి మూసుకుపోయి ఇదే ఫలితం వస్తుంది.

ఇదంతా తెలిసి ఎంతో కాలం కాలేదు. పావురాలు పిల్లల కోసం గొంతు సంచిలో తయారుచేసే పాలను అధ్యయనం చేస్తూ అమెరికా శాస్త్రవేత్త ఆస్కార్ రిడిల్ 1930ల ఆరంభంలో ఈ హార్మోనుకు ప్రొలాక్టిన్ అని పేరు పెట్టారు. మనుషుల్లో ఇది ఎదుగుదల హార్మోనుకు వేరుగా ఉందా లేదా అనే సందేహం మరో నలభై ఏళ్లు తీరలేదు. 1970, 1971 ప్రాంతంలో కెనడాలో హెన్రీ ఫ్రీసెన్, అమెరికాలో ఆండ్రూ ఫ్రాంట్జ్ బృందాల పనితో మనుషుల ప్రొలాక్టిన్‌ను విడిగా గుర్తించి, రక్తంలో కొలవడం సాధ్యమైంది. సుమారుగా అదే సమయంలో స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీ తయారుచేసిన బ్రోమోక్రిప్టిన్ అనే మందు డోపమైన్‌లా పనిచేసి ప్రొలాక్టిన్‌ను తగ్గించగలదని తేలింది. పిల్లలు పుట్టకుండానే పాలు కారుతూ, ముట్టు ఆగిపోయిన స్త్రీల సమస్యకు వైద్యంలో సరైన వివరణ, మందు రెండూ ఒక్కసారిగా దొరికాయి.

థైరాయిడ్ ఎక్కడ కలుస్తుంది

మెడ ముందుభాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథికి టీఎస్‌హెచ్ ద్వారా పీయూష గ్రంథి ఆజ్ఞ ఇస్తుంది. ఆ పీయూష గ్రంథికి పైనున్న హైపోథలామస్ టీఆర్‌హెచ్ ద్వారా ఆజ్ఞ ఇస్తుంది. థైరాయిడ్ హార్మోను తగ్గిందంటే హైపోథలామస్ టీఆర్‌హెచ్‌ను పెంచుతుంది. ఈ టీఆర్‌హెచ్ టీఎస్‌హెచ్ కణాలను మాత్రమే తట్టి ఊరుకోదు, ప్రొలాక్టిన్ కణాలను కూడా ప్రేరేపిస్తుంది. థైరాయిడ్ మందగించిన స్త్రీకి ప్రొలాక్టిన్ కూడా పెరగడానికి ప్రధాన కారణం ఇది. ఇలాంటప్పుడు ప్రొలాక్టిన్ సాధారణంగా 100 లోపే ఉంటుంది. మన ల్యాబుల్లో స్త్రీలకు మామూలు హద్దు మిల్లీలీటరుకు సుమారు 25 నానోగ్రాములు. కొన్ని రిపోర్టుల్లో వేరే యూనిట్లలో 500, 600 అని కనిపించి కంగారు పెడుతుంది. ఆ లెక్కలో 530 అంటే మన 25తో సమానమే. అందుకే అంకె కంటే ముందు దాని పక్కనున్న యూనిటు చూడాలి.

థైరాయిడ్ మందగించడం ప్రొలాక్టిన్ ద్వారానే కాక నేరుగా కూడా నెలసరిని దెబ్బతీస్తుంది. అండం విడుదల కాక ప్రొజెస్టెరాన్ లేకపోవడం వల్ల గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, ఆలస్యంగా, ఎక్కువ రక్తస్రావంతో ఊడిపోతుంది. అందువల్ల థైరాయిడ్ తగ్గినవాళ్లలో కొందరికి ముట్టు రాకపోతే, మరికొందరికి విపరీతంగా అవుతుంది. రక్తం ఎక్కువ పోతుంటే థైరాయిడ్ అనుకోకుండా నేరుగా గర్భసంచి వైద్యానికి పోతుంటారు. అండాశయాల్లో బుడగలు కూడా థైరాయిడ్ లోపంలో కనిపించవచ్చు. పీసీఓఎస్ నిర్ధారణకు 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన ప్రమాణాలే ముందు థైరాయిడ్ లోపాన్నీ, అధిక ప్రొలాక్టిన్‌నూ తోసిపుచ్చాలని చెబుతాయి. ఆ మాటను పాటించకుండా స్కానింగ్ ఒక్కదాన్ని చూసి పేరు పెట్టడం నిర్ధారణ కిందికి రాదు.

మన దేశంలో థైరాయిడ్ లోపం అరుదైనది కాదు. హైదరాబాద్ సహా 8 నగరాల్లో పెద్దవారిని పరీక్షించి 2013లో వెలువరించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం ఉన్నట్టు తేలింది. దీనికి తోడు టీఎస్‌హెచ్ కాస్త పెరిగి, టీ4 మాత్రం మామూలుగా ఉన్న తేలికపాటి రకం ఇంకొందరిలో కనిపించింది. అయోడిన్ ఉప్పు వాడుతున్న ఇళ్లలో కూడా ఇంతమందికి రావడం వింతగా తోచవచ్చు. ఇప్పుడు మనకు ఎక్కువగా కనిపించేది అయోడిన్ లోపం కాదు, రోగనిరోధక వ్యవస్థ సొంత థైరాయిడ్‌పైనే దాడి చేసే జబ్బు. దీన్ని 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో మొదట వర్ణించారు. ఈ జబ్బు ఉన్నట్టు యాంటీ టీపీఓ అనే పరీక్ష చెబుతుంది.

ఒక నమూనా కేసు

తరచూ ఎదురయ్యే తీరును ఒకచోట కూర్చిన ఉదాహరణ ఇది. నల్లగొండ జిల్లాకు చెందిన 27 ఏళ్ల యువతి, బరువు 60 కిలోలు. పెళ్లయి మూడేళ్లు. మొదట 35 రోజులకు వచ్చే నెలసరి క్రమంగా 50, 60 రోజులకు జరిగి, చివరికి నాలుగు నెలలు రాలేదు. స్కానింగ్‌లో పీసీఓడీ అన్నారు. ముట్టు రావడానికి ఐదు రోజుల మాత్రలు ఇస్తే వచ్చింది, మానేస్తే మళ్లీ ఆగింది. ఆ మాత్రలతో వచ్చేది పొర ఊడిపోవడమే, అండం విడుదల కాదు. ఇలా మూడు నాలుగు సార్లు జరిగాక ప్రొలాక్టిన్ పరీక్ష చేస్తే 96 వచ్చింది. వెంటనే ఎంఆర్‌ఐ తీయిస్తే పీయూష గ్రంథి ఉబ్బి 12 మిల్లీమీటర్లు ఉందని, కణితి కావచ్చని రిపోర్టు రాశారు. ఇంట్లో మెదడు ఆపరేషన్ మాట మొదలైంది.

మరో డాక్టరు దగ్గర మొదటి ప్రశ్న మందుల గురించి వచ్చింది. "ఇంకేమైనా మాత్రలు వేసుకుంటావా అమ్మా?" "ఏం లేవు మేడమ్. పొద్దున్నే గ్యాస్ గోలీ ఒకటి, అంతే." ఆ గోలీ చీటీ తెప్పించి చూస్తే పాంటోప్రజోల్‌తో పాటు డొంపెరిడోన్ కలిపిన క్యాప్సూల్. ఏడాదిన్నరగా వాడుతోంది. కడుపు ఉబ్బరం, మలబద్ధకం తగ్గకపోవడంతో మందుల షాపులో అదే పేరు చెప్పి కొనుక్కుంటోంది. డొంపెరిడోన్ డోపమైన్‌కు అడ్డుపడే మందు. అది మెదడులోకి పెద్దగా చేరదు గానీ, పీయూష గ్రంథి మెదడు రక్షణ గోడకు వెలుపల ఉంటుంది కాబట్టి అక్కడ పూర్తి ప్రభావం చూపుతుంది. పాలు పడని తల్లులకు పాలు పెంచడానికి కొన్నిచోట్ల ఇదే మందు వాడతారంటే దాని బలం అర్థమవుతుంది.

క్యాప్సూల్ ఆపేసి వారం తర్వాత పరీక్ష చేస్తే ప్రొలాక్టిన్ 58కి దిగింది. తగ్గింది, కానీ మామూలుకు రాలేదు. అదే రక్తంలో టీఎస్‌హెచ్ 74, ఫ్రీ టీ4 చాలా తక్కువ, యాంటీ టీపీఓ ఎక్కువ. అప్పుడు మొత్తం గొలుసు కనిపించింది. థైరాయిడ్ మందగించి పేగుల కదలిక నెమ్మదించింది, అందువల్ల ఉబ్బరం, మలబద్ధకం వచ్చాయి. ఉబ్బరానికి వేసుకున్న మాత్ర ప్రొలాక్టిన్‌ను ఇంకా పైకి తోసింది. పీయూష గ్రంథి ఉబ్బడం కూడా కణితి వల్ల కాదు. నెలల తరబడి టీఎస్‌హెచ్‌ను అదే పనిగా తయారుచేసి కణాలు పెరగడం వల్ల గ్రంథి అంతా సమంగా ఉబ్బుతుంది, చికిత్సతో తిరిగి తగ్గుతుంది. ఎంఆర్‌ఐ తీయించే ముందు టీఎస్‌హెచ్ చూసి ఉంటే ఆ భయం ఇంట్లోకి వచ్చేదే కాదు.

ఆమెకు ప్రొలాక్టిన్‌ను తగ్గించే కాబర్గోలిన్ ఇవ్వలేదు. లెవోథైరాక్సిన్ రోజుకు 100 మైక్రోగ్రాములతో మొదలుపెట్టారు. థైరాయిడ్ పూర్తిగా దెబ్బతిన్న, గుండె జబ్బు లేని యువతికి కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు అవసరమవుతుంది కాబట్టి 60 కిలోలకు ఆ మోతాదు దగ్గరగా సరిపోతుంది. ఆరు వారాల తర్వాత టీఎస్‌హెచ్ 11, ప్రొలాక్టిన్ 27. మాత్రను 112కు పెంచారు. మరో ఏడు వారాలకు టీఎస్‌హెచ్ 2.1, ప్రొలాక్టిన్ 14. రెండో నెలలోనే నెలసరి తనంతట తానే వచ్చింది, తర్వాత 44 రోజులకు, 36 రోజులకు, 31 రోజులకు అలా దగ్గరపడింది. ఆరు నెలలకు మళ్లీ తీసిన ఎంఆర్‌ఐలో గ్రంథి ఎత్తు 6 మిల్లీమీటర్లు. చికిత్స మొదలైన ఏడో నెలలో గర్భం నిలిచింది.

ఈ ఆరు, ఏడు వారాల విరామానికి లెక్క ఉంది. థైరాక్సిన్ సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది. మోతాదు మార్చిన ప్రతిసారీ రక్తంలో అది స్థిరపడడానికి ఐదారు వారాలు కావాలి. రెండు వారాలకే పరీక్ష చేయించి మోతాదు మారిస్తే అసలు సమతౌల్యం ఎప్పటికీ తెలియదు. మాత్ర వేసుకునే పద్ధతి కూడా అంతే ముఖ్యం. పరగడుపున, నీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాకే కాఫీ, టిఫిన్. ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకుంటే థైరాక్సిన్‌కు నాలుగు గంటల దూరంలో ఉండాలి. రక్తహీనతకు ఐరన్, ఎముకలకు కాల్షియం ఇచ్చే మన చీటీల్లో ఈ సూచన తరచూ ఉండదు. మోతాదు పెంచుతున్నా టీఎస్‌హెచ్ తగ్గని చాలామందికి సమస్య అక్కడే ఉంటుంది.

మందుల వల్ల పెరిగే ప్రొలాక్టిన్

డొంపెరిడోన్ ఒక్కటే కాదు. గ్యాస్‌కు వాడే క్యాప్సూళ్లలో రాబెప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ కలిసిన రకాలు కూడా మన షాపుల్లో విరివిగా దొరుకుతాయి. అది ప్రొలాక్టిన్‌ను గట్టిగా పెంచుతుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ ఇదే కోవలోవి. ప్రొలాక్టిన్ పెరిగిన స్త్రీని పరీక్షించే డాక్టరు ఆమె మందుల చీటీలన్నీ, షాపులో అడిగి కొన్నవి సహా, బల్ల మీద పరిచి చూడాలి. ఎందుకంటే రోగి దృష్టిలో గ్యాస్ మాత్ర మందే కాదు.

గ్యాస్ మాత్రను మూడు రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేయవచ్చు. మానసిక వ్యాధుల మందుల విషయంలో అలా చేయకూడదు. అవి అకస్మాత్తుగా ఆపితే జబ్బు తిరగబడుతుంది. మానసిక వైద్యుడితో మాట్లాడి, వీలైతే అరిపిప్రజోల్ వంటి ప్రొలాక్టిన్‌ను పెంచని మందుకు మార్చడమే దారి. ఇక్కడ ప్రొలాక్టిన్ కోసం కాబర్గోలిన్ కలిపితే మానసిక స్థితి మరింత చెడే ప్రమాదం ఉంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో కూడా ప్రొలాక్టిన్ పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

పరీక్షలో పొరపడే చోట్లు

నెలసరి ఆగితే అన్నిటికంటే ముందు చేయాల్సింది గర్భ నిర్ధారణ పరీక్ష. తర్వాత టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్ చాలు. నెలసరి అసలే రాని స్త్రీ ఈ పరీక్షలకు ఏడాది ఆగనక్కర్లేదు. మూడు నెలలు ఆగిందంటే చేయించుకోవాలి. అండమే విడుదల కానప్పుడు గర్భం కోసం ఏడాది ఎదురుచూడడంలో అర్థం లేదు.

ప్రొలాక్టిన్ ఒత్తిడికి పెరుగుతుంది. నిద్రలోనూ, రతి తర్వాతా, వ్యాయామం తర్వాతా, రొమ్ము పరీక్ష తర్వాతా పెరుగుతుంది. సూది గుచ్చడానికి భయపడి చేయి బిగించినా కాస్త ఎక్కువ చూపవచ్చు. నిద్ర లేచిన రెండు మూడు గంటల తర్వాత, కాసేపు ప్రశాంతంగా కూర్చున్నాక రక్తం తీయడం మంచి పద్ధతి. 30, 40 వంటి అంకె వస్తే మందు మొదలుపెట్టే ముందు మరోసారి చేయించాలి.

నెలసరి క్రమంగా వస్తూ, పాలు కారకుండా, ప్రొలాక్టిన్ మాత్రం ఎక్కువగా ఉంటే ఇంకో సంగతి అనుమానించాలి. కొందరిలో ప్రొలాక్టిన్ అణువులు ప్రతిరక్షకాలతో అతుక్కుని పెద్ద ముద్దలుగా తిరుగుతుంటాయి. ఈ మాక్రోప్రొలాక్టిన్ శరీరం మీద పెద్దగా పనిచేయదు, యంత్రం మాత్రం దాన్ని లెక్కలో కలిపేస్తుంది. పీఈజీ అనే రసాయనంతో దాన్ని వేరుచేసి కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది. దీనికి చికిత్స అవసరం లేదు. దీనికి ఎదురుగా, పెద్ద కణితి ఉండి ప్రొలాక్టిన్ వేలల్లో ఉన్నప్పుడు కొన్ని పరీక్షల్లో అంకె విచిత్రంగా తక్కువ వస్తుంది. అంత హార్మోనుకు పరీక్ష రసాయనాలు చాలకపోవడం దీనికి కారణం. ఎంఆర్‌ఐలో పెద్ద కణితి కనబడి ప్రొలాక్టిన్ మాత్రం ఒక మోస్తరుగా ఉంటే రక్తాన్ని పలచన చేసి మళ్లీ కొలవమని ల్యాబును అడగాలి.

జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు ఇంకో చిక్కు. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రకాల యంత్రాల్లో టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. థైరాయిడ్ లోపం వల్లే జుట్టు రాలుతున్న స్త్రీ బయోటిన్ వేసుకుంటే ఆ లోపమే రిపోర్టులో దాగిపోవచ్చు. పరీక్షకు రెండు రోజుల ముందే దాన్ని ఆపాలి. కాన్పులో తీవ్ర రక్తస్రావమై పీయూష గ్రంథి దెబ్బతిన్న స్త్రీల సంగతి వేరు. వాళ్లకు పాలు పడవు, ముట్టు తిరిగి రాదు, టీ4 తక్కువున్నా టీఎస్‌హెచ్ మామూలుగా కనిపిస్తుంది. అలాంటి చరిత్ర ఉంటే టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి థైరాయిడ్ బాగుందనడం పొరపాటు.

కణితే కారణమైనప్పుడు

మందులూ, థైరాయిడ్ లోపమూ, గర్భమూ లేవని తేలాక కూడా ప్రొలాక్టిన్ ఎక్కువగానే ఉంటే అప్పుడు ఎంఆర్‌ఐ. ప్రొలాక్టిన్‌ను తయారుచేసే కణితి 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే చిన్న కణితి, అంతకు పైబడితే పెద్ద కణితి అంటారు. ఇవి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావు. ప్రొలాక్టిన్ 200 దాటిందంటే పెద్ద కణితి అనుమానం బలపడుతుంది. తలనొప్పి, పక్క చూపు తగ్గడం దాని లక్షణాలు. రెండు పక్కల నుంచి వచ్చే బండి కనిపించకపోవడం, తలుపు అంచుకు భుజం తగలడం వంటివి చూపు తగ్గిందనడానికి తొలి గుర్తులు. రొమ్ము నుంచి పాలలాంటి ద్రవం రావడం అందరిలో ఉండదు. ఉన్నవాళ్లు కూడా సిగ్గుతో చెప్పరు. పిల్లలు పుట్టని స్త్రీ జాకెట్టుపై మరక చూసి ఎవరికీ చెప్పకుండా ఉండిపోతుంది. డాక్టరు అడిగితేనే బయటికి వస్తుంది కాబట్టి అడగడం డాక్టరు పని.

చికిత్స ఎక్కువ మందికి మాత్రలతోనే. కాబర్గోలిన్ ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది కాబట్టి వారానికి ఒకటి రెండుసార్లు వేసుకుంటే చాలు. వారానికి 0.25 మిల్లీగ్రాములు రెండుసార్లతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచుతారు. పాత మందు బ్రోమోక్రిప్టిన్ రోజూ వేసుకోవాలి. 1994లో వెలువడిన 459 మంది స్త్రీల పోలికలో ప్రొలాక్టిన్ మామూలుకు వచ్చినవారు కాబర్గోలిన్‌తో 83 శాతం, బ్రోమోక్రిప్టిన్‌తో 59 శాతం. వికారం, నిలబడితే తల తిరగడం రెండింటితోనూ ఉండొచ్చు. అందుకే మొదటి మాత్రలు రాత్రి భోజనం తర్వాత పడుకునే ముందు వేసుకోమంటారు. కాబర్గోలిన్ మొదలుపెట్టాక మొదటి నెలసరి కంటే ముందే అండం విడుదల కావచ్చు. కాబట్టి గర్భం వెంటనే వద్దనుకునేవాళ్లు తగిన జాగ్రత్త తీసుకోవాలి. మందుకు లొంగని కణితికి, చూపు ప్రమాదంలో పడినప్పుడు ముక్కు దారిన చేసే శస్త్రచికిత్స ఉంది.

ప్రొలాక్టిన్ మగవారిలోనూ పెరుగుతుంది. అప్పుడు టెస్టోస్టెరాన్ పడిపోయి కోరిక, వీర్యకణాలు తగ్గుతాయి. ముట్టు లాంటి గుర్తు లేనందువల్ల మగవారిలో కణితి పెద్దదయ్యాక బయటపడడం సాధారణం. అందువల్ల భార్యకు పరీక్షలన్నీ చేయించి భర్తకు ఏవీ చేయించకపోవడం తగదు.

థైరాయిడ్ ఎక్కువైతే, అంచున ఉంటే

థైరాయిడ్ అతిగా పనిచేస్తే నెలసరి తక్కువై, దూరమై, కొందరిలో ఆగిపోతుంది. బరువు తగ్గడం, గుండె దడ, చేతులు వణకడం దాని తోడు లక్షణాలు. దీన్ని అదుపులోకి తెచ్చాకే గర్భానికి ప్రయత్నించాలి. కార్బిమజోల్, మెథిమజోల్ తొలి నెలల్లో బిడ్డకు పుట్టుక లోపాలు కలిగించే అవకాశం ఉన్నందువల్ల గర్భం కోసం ప్రయత్నించే దశలోనే ప్రొపైల్‌థయోయురాసిల్‌కు మారడం గురించి వైద్యుడితో మాట్లాడుకోవాలి. రేడియో అయోడిన్ తీసుకున్నాక కనీసం ఆరు నెలలు గర్భం దాల్చకూడదు.

టీఎస్‌హెచ్ 4 నుంచి 10 మధ్యలో ఉండి టీ4 మామూలుగా ఉన్నవారి విషయం తేలిగ్గా తేల్చలేనిది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారికి, ముఖ్యంగా ఐవీఎఫ్‌కు వెళ్తున్నవారికి, థైరాక్సిన్ ఇచ్చి టీఎస్‌హెచ్‌ను 2.5 లోపు ఉంచడం ఇప్పుడు అనుసరిస్తున్న పద్ధతి. టీఎస్‌హెచ్ పూర్తిగా మామూలుగా ఉండి యాంటీ టీపీఓ మాత్రం పాజిటివ్‌గా ఉన్నవారికి థైరాక్సిన్ మేలు చేస్తుందా అనే ప్రశ్నకు బ్రిటన్‌లో 952 మంది స్త్రీలతో జరిగిన పరిశోధన 2019లో బదులిచ్చింది. 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకున్నవారిలో 37.4 శాతం, ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో 37.9 శాతం సజీవ ప్రసవాలయ్యాయి. తేడా లేదు. కాబట్టి యాంటీబాడీ ఉందనే ఒక్క కారణంతో మాత్ర మొదలుపెట్టనక్కర్లేదు. టీఎస్‌హెచ్‌ను మాత్రం అప్పుడప్పుడు చూస్తూ ఉండాలి.

గర్భం నిలిచాక

మొదటి మూడు నెలలు బిడ్డ తన థైరాయిడ్ హార్మోనును తయారుచేసుకోలేదు, తల్లి ఇచ్చినదే దానికి ఆధారం. బిడ్డ గ్రంథి 12 వారాల ప్రాంతంలో పని మొదలుపెట్టి, 18 నుంచి 20 వారాలకు గాని నిలదొక్కుకోదు. అందువల్ల మాత్ర వాడుతున్న స్త్రీ గర్భం తెలిసిన రోజే మోతాదు పెంచుకోవాలి. సాధారణంగా వారానికి ఏడు మాత్రలకు బదులు తొమ్మిది అని ముందే చెప్పి ఉంచుతారు. పైన చెప్పిన ఉదాహరణలోని యువతి ఆ చీటీని ఫోన్ కవరులో పెట్టుకుని, పరీక్ష పాజిటివ్ అని చూసిన సాయంత్రమే వారానికి రెండు మాత్రలు పెంచుకుని, తర్వాతి వారంలో డాక్టరును కలిసింది. 20 వారాల దాకా నెలకొకసారి టీఎస్‌హెచ్ చూస్తూ మోతాదు సవరించారు. ప్రసవం కాగానే పాత మోతాదుకు దిగి, ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోమన్నారు.

ప్రొలాక్టిన్ చిన్న కణితి ఉన్నవారికి గర్భం నిర్ధారణ కాగానే కాబర్గోలిన్ లేదా బ్రోమోక్రిప్టిన్ ఆపేస్తారు. గర్భంలో కణితి పెరిగే అవకాశం చిన్న కణితుల్లో తక్కువ, పెద్ద కణితుల్లో ఎక్కువ. కాబట్టి పెద్ద కణితి ఉన్నవారు గర్భానికి ముందే నిపుణుడితో ప్రణాళిక వేసుకోవాలి. గర్భంతో ప్రొలాక్టిన్ ఎలాగూ ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక ఆ సమయంలో రక్తంలో దాన్ని కొలిచి లాభం లేదు. తలనొప్పి తీవ్రమైతే, చూపులో మార్పు వస్తే కంటి పరీక్ష, ఆపై ఎంఆర్‌ఐ. బిడ్డకు పాలివ్వడం వల్ల చిన్న కణితి పెరుగుతుందని తేలలేదు, పాలివ్వవచ్చు. పాలు మాన్పించాక ప్రొలాక్టిన్ మళ్లీ చూస్తారు. కొందరిలో గర్భం తర్వాత అది మామూలుగానే ఉండిపోయి మందు అవసరం తీరిపోతుంది.